దసరా తోరణం: మామిడాకుకు నీరు, బంతిపువ్వుకు గాలి

పంచమి, సాయంత్రం

సప్తమి ఉదయం గుమ్మానికి ఎక్కిన తోరణం ఏకాదశి దాకా పచ్చగా నిలవాలన్నది ఈ దసరాకు మా ఇంట్లో వేసుకున్న లెక్క. కావలిలో మా ఇంటి వీధి గుమ్మం తూర్పు ముఖంగా ఉంటుంది. రెండు రెక్కల తలుపు, నాలుగడుగుల వెడల్పు. ఉదయపు ఎండ నేరుగా ద్వారబంధం మీద పడుతుంది, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి అదే దిక్కు నుంచి వచ్చి తోరణాన్ని ఊపుతుంది, ఆశ్వయుజంలో ఏ సాయంత్రం వాన దిగుతుందో చెప్పలేము. ఎండ, గాలి, తడి అనే ఈ మూడింటికీ తట్టుకునేలా తోరణాన్ని కట్టుకోవాలి.

మామిడాకూ బంతిపువ్వూ పాడయ్యే తీరు ఒకటి కాదు. ఆకు నీరు చాలక పాడవుతుంది. కొమ్మ నుంచి తెగిన క్షణం నుంచి దానికి లోపలికి వచ్చే నీరు ఆగిపోతుంది, కానీ అడుగు వైపున ఉండే సూక్ష్మ రంధ్రాల గుండా ఉన్న నీరు పోతూనే ఉంటుంది. పై వైపున ఉండే మైనపు పొర వల్ల ఆ నష్టం నెమ్మదిగా జరుగుతుంది కాబట్టే ఇతర ఆకుల కంటే మామిడాకు ఎక్కువ కాలం నిలుస్తుంది. బంతిపువ్వు సంగతి ఇందుకు విరుద్ధం. వందలాది రేకులు ఒకే పచ్చని గిన్నెలో కిక్కిరిసి ఉండటం వల్ల వాటి మధ్యకు చేరిన నీరు బయటకు రాదు, అక్కడే రేకుల మొదళ్లు మాగి గోధుమరంగుకు తిరుగుతాయి. ఆకుకు ప్రాణం పోసే నీళ్లే పువ్వును కుళ్లబెడతాయి.

ఆకునూ పువ్వునూ ఒకే తాడుకు గుచ్చి, వాడకుండా నీళ్లు చిలకరించే పద్ధతిలో చిక్కు ఇదే. చిలకరింపు ఆకు లోపలికి దాదాపు చేరదు, మైనపు పొర మీద నుంచి జారిపోతుంది. పువ్వులోకి మాత్రం పూర్తిగా చేరుతుంది. అందుకని ఈసారి రెంటినీ వేరు వేరు తాళ్లుగా కడుతున్నాను. ఆకుల తాడు అడ్డంగా గుమ్మానికి ఉంటుంది, పూల సరాలు దానికి కొక్కేలతో విడిగా వేలాడతాయి. ఆకులను నీళ్లలో పెట్టేటప్పుడు పూలను తీసి గాలికి పెట్టవచ్చు.

ఆకుల తాడును రాత్రంతా నీళ్లలో ఉంచాలంటే గుమ్మం ఖాళీగా ఉంటుంది కదా అని అత్తయ్య అడిగారు. "పండగ నాళ్లలో గుమ్మం బోసిగా ఉండకూడదు తల్లీ, ఇంకో తాడు కట్టుకో" అన్నారు. ఆ మాటతో మొత్తం ఏర్పాటే మారింది. ఇప్పుడు ఆకుల తాళ్లు రెండు. ఒకటి గుమ్మానికి ఉన్న రోజు రెండోది నీళ్లలో, నీడలో విశ్రాంతి తీసుకుంటుంది. మర్నాడు దీపారాధనకు ముందు రెంటినీ మారుస్తాము. పెరటి గుమ్మానికి మాత్రం ఇవే ఆకులతో మూడో తాడును కట్టి ఏమీ చేయకుండా వదిలేస్తాను. నీళ్లలో పెట్టడం వల్ల నిజంగా ఎంత తేడా వస్తుందో చూడటానికి అది పనికొస్తుంది. పెరటి గుమ్మం రోజంతా నీడలో ఉంటుంది కాబట్టి పోలికలో మొగ్గు దానికే ఉంటుంది.

షష్ఠి, ఉదయం

మామిడి తోటలకు ఉలవపాడు వైపు వెళ్తే కొదవ లేదు, కానీ మాకు కావలసిన ఆకులు మా పక్కింటి పెరటిలోని నాటు చెట్టు మీదే దొరికాయి. పొద్దు పొడవక ముందే కోశాము. రాత్రంతా వేరు పంపిన నీటితో ఆకు నిండుగా ఉండేది ఆ వేళలోనే; మధ్యాహ్నం కోసిన ఆకు అప్పటికే కొంత నీరు పోగొట్టుకుని ఉంటుంది, ఆ లోటు తరువాత పూడ్చడం కష్టం.

ఈ కాలంలో ఒకే చెట్టు మీద మూడు రకాల ఆకులు కనిపిస్తాయి. రాగిరంగులో మెత్తగా వేలాడే చిగురాకు చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కానీ దాని మైనపు పొర ఇంకా సరిగా ఏర్పడి ఉండదు, పూటలోనే వడలిపోతుంది. లేత ఆకుపచ్చ ఆకు ఇంకొంచెం నయం. మనకు కావలసింది ముదురు ఆకుపచ్చకు తిరిగి, బిరుసుగా, ఈనెలు పైకి తేలి కనిపించే ఆకు. వేలి మధ్య ఆకు కొనను మడిస్తే టప్పున విరగాలి. విరగకుండా వంగి మళ్లీ లేస్తే అది ఇంకా పక్వానికి రాలేదని అర్థం. కొమ్మ మొదట్లో ఉండే మరీ పాత ఆకులు మచ్చలతో, అంచులు ఎండిపోయి ఉంటాయి, వాటిని వదిలేశాము. ఆకు మీద బొడిపెలు ఉన్నా, నల్లని మసి పట్టి ఉన్నా పక్కన పెట్టాలి. తేనెమంచు పురుగు వదిలిన జిగురు మీద పెరిగే ఆ మసి తుడిస్తే కొంత పోతుంది కానీ జిగురు మిగిలి దుమ్మును పట్టుకుంటుంది.

ఆకును లాగి తెంపకుండా, కొమ్మకు ఆనించి కత్తెరతో కోసి, తొడిమ మొత్తం ఆకుకే ఉండేలా చూసుకున్నాము. మామిడి తొడిమ కొమ్మను అంటుకునే చోట కాస్త ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బు మాకు రెండు విధాల పనికొస్తుంది, ఆ మాట తాడు దగ్గర చెబుతాను. కోసిన చోట కారే సొన కొందరి చర్మానికి మంట పుట్టిస్తుంది, అందుకని ఆకులను వెంటనే తొడిమలు కిందికి ఉండేలా నీళ్ల బకెట్లో నిలబెట్టాము. కాసేపటికి సొన కారడం ఆగిపోయాక ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లు పోశాము.

ఇంటికి తెచ్చాక ఒక్కొక్క ఆకునూ రెండు వైపులా తడిగుడ్డతో తుడిచాను. అడుగు వైపు తుడవడం మరవకూడదు, చిన్న పురుగులూ వాటి గుడ్లూ అక్కడే దాక్కుంటాయి. మెరుపు కోసం ఒక ఆకుకు కొబ్బరినూనె పూసి కిటికీలో పెట్టి చూశాను. మెరిసింది నిజమే, కానీ సాయంత్రానికి వీధి దుమ్మంతా దాని మీదే ఉంది. మిగిలిన ఆకులకు నూనె ఊసు లేదు.

షష్ఠి, రాత్రి

తాడు జనపనార పురికొస. నాలుగడుగుల గుమ్మానికి ఆరడుగుల తాడు తీసుకుంటే రెండు కొసల్లోనూ ఉచ్చులు వేయడానికి ఒక్కొక్క అడుగు మిగులుతుంది. ప్లాస్టిక్ తాడు జారుతుంది, నీరు పట్టదు. జనపనార తడిస్తే ఉబ్బుతుంది, ఆ ఉబ్బుతో పురులు బిగుసుకుని లోపల దూర్చిన తొడిమను గట్టిగా పట్టుకుంటాయి. తాడును ముందుగా పసుపు నీళ్లలో నానబెట్టి పిండుకున్నాము.

ఆకును తాడు మీదుగా మడిచి, తొడిమనే ఆకులోకి గుచ్చేయడం అందరూ చేసే పద్ధతి, త్వరగా అవుతుంది. కొందరు ఈనె పుల్లను, ఇప్పుడైతే స్టాప్లర్ పిన్నునూ వాడుతున్నారు. ఇవన్నీ ఆకును చీలుస్తాయి. చీలిన చోట మర్నాటికే గోధుమరంగు గీత వస్తుంది, పిన్ను అయితే తుప్పు మరక కూడా తోడవుతుంది. ఇంకా ముఖ్యంగా, మడిచిన చోట నడిమి ఈనె నలిగితే తొడిమ గుండా వచ్చే నీరు ఆకు కొస దాకా వెళ్లలేదు. అందుకని నేను ఆకును మడవకుండా తొడిమను మాత్రమే తాడులోకి దూర్చాను. రెండు బొటనవేళ్లతో పురిని ఎదురు తిప్పితే తాడు పాయలు విడి చిన్న సందు వస్తుంది. ఆ సందులోకి తొడిమను కింది నుంచి పైకి తోసి, ఉబ్బు పాయలు దాటి అవతలికి వచ్చాక పురిని వదిలేస్తే అది మళ్లీ బిగుస్తుంది. ఉబ్బు అడ్డుపడటం వల్ల ఆకు బరువుకు తొడిమ జారి కిందికి రాదు. ఆకు చెక్కుచెదరకుండా, కొస నేలవైపు చూస్తూ నిటారుగా వేలాడుతుంది.

ఒక్కొక్క తాడుకు ఇరవై ఒక్క ఆకులు. మా ఇంట్లో తోరణానికి బేసి సంఖ్యే వేస్తారు. నాలుగడుగులకు, అంటే నలభై ఎనిమిది అంగుళాలకు, ఇరవై ఖాళీలు వస్తాయి కాబట్టి ఆకుకూ ఆకుకూ మధ్య దూరం రెండున్నర అంగుళాలకు కాస్త తక్కువ. మా ఆకుల వెడల్పు రెండంగుళాల లోపే, కాబట్టి ఒకదాని మీద ఒకటి పడవు. ఒత్తుగా వేస్తే నిండుగా కనబడుతుందని అనిపిస్తుంది గానీ, అంటుకున్న రెండు ఆకుల మధ్య నిలిచిన తడి అక్కడ మచ్చ వేస్తుంది. నిండుదనం పూల సరాలతో వస్తుంది.

కట్టడం పూర్తయ్యాక రెండు తాళ్లనూ వెడల్పాటి టబ్బులో చల్లని మంచినీళ్లలో పరిచి, ప్రతి ఉబ్బు చివరనూ నీళ్ల లోపలే కత్తెరతో సన్నని ముక్కగా తీసేశాను. తెగిన చోటుకు గాలి తగిలితే నాళాల్లోకి గాలిబుడగ చేరి నీటిని అడ్డుకుంటుంది; నీళ్లలో కోస్తే ఆ బెడద ఉండదు. ఉబ్బు కాస్త పొడవుగా ఉండటం వల్ల రోజుకొక సన్నని ముక్క తీసినా అడ్డుగా నిలవడానికి సరిపడా మిగులుతుంది. నీళ్లలో చక్కెర, ఉప్పు, మందు ఏదీ వేయలేదు.

సప్తమి, ఉదయం

పూలబజారుకు చీకటితోనే వెళ్లాను. గోనె సంచుల్లో అదిమి తెచ్చిన బంతి లోపల వేడెక్కి ఉంటుంది, పైన కొత్తగా కనిపించడానికి నీళ్లు చల్లి ఉంటారు. పువ్వును తలకిందులు చేసి గిన్నెను రెండు వేళ్ల మధ్య నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా తగిలితే లోపల పాడు మొదలైంది. తరువాత పై రేకులను బొటనవేలితో విడదీసి మధ్యలోకి చూడాలి. పైకి మచ్చలేని నారింజరంగు పువ్వును ఒకదాన్ని అలా విప్పితే, లోపలి రేకుల మొదళ్లు టీ పొడి రంగులో తడిగా అంటుకుపోయి, పులిసిన వాసన వేశాయి. అలాంటిది ఒక్కటి సరంలో ఉన్నా దాని నుంచి కారే తడి కింది పువ్వును పట్టుకుంటుంది.

పూలమ్మే ఆవిడ నేను ఏరడం చూసి, పొడిగా ఉన్న వేరే బుట్ట ముందుకు జరిపింది. "తడి పూలు గుచ్చబాక అక్కా, తెల్లారేసరికి నల్లబడతాయి. వీటికి నేను నీళ్లు కొట్టలా" అంది. అరకిలో ముద్దబంతి తీసుకున్నాను. ఏరగా సరాలకు కావలసినవీ, దేవుడి పటాలకు కొన్నీ వచ్చాయి.

ఇంటికి రాగానే పూలను ఉతికిన పాత నూలు చీర మీద విడివిడిగా పరిచి ఫ్యాను కింద ఆరనిచ్చాను. పువ్వు మధ్యలో వేలు పెడితే చల్లగా తగలాలి, తడిగా తగలకూడదు. ఆ తరువాతే గుచ్చడం.

ముద్దబంతి కాడ గిన్నెకు దగ్గరగా వచ్చేసరికి లావెక్కి లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలు గుండా సూది దూర్చి పువ్వు మధ్య నుంచి బయటకు తీస్తే గిన్నె నలగదు. అడ్డంగా పొడిస్తే గిన్నె చీలి, రేకులు ఆ పక్క నుంచే రాలడం మొదలవుతాయి. కాడను గిన్నెకు ఆనుకుని కోసేశాను, లేకపోతే పైకి తెరుచుకున్న ఆ గొట్టంలో మంచూ వానా నిలుస్తాయి. పువ్వులన్నీ ముఖం కిందికి ఉండేలా గుచ్చాను. అప్పుడు గిన్నె గొడుగులా పైన ఉంటుంది, పడిన చినుకు రేకుల మీదుగా జారిపోతుంది. రెండు పేటల నూలు దారం వాడాను, నైలాన్ దారం సన్నగా ఉండి బరువుకు పువ్వును కోసేస్తుంది. ప్రతి పువ్వు కింద ఒక ముడి వేసి, పువ్వుకూ పువ్వుకూ మధ్య వేలెడు సందు వదిలాను. సరానికి అయిదు పువ్వులు, మొత్తం అయిదు సరాలు, ఒక్కొక్క సరం పైన సన్నని రాగి తీగతో వంచిన కొక్కెం.

ఆకుల తాడును నీళ్ల నుంచి తీసి, దులిపి, పురికొసను పిండి, ఫ్యాను గాలికి ఆకుల పై తడి పోయేదాకా ఉంచి గుమ్మానికి తగిలించాము. పూల సరాలు ఆ తరువాత ఎక్కాయి.

అష్టమి

నిన్న సాయంత్రం వాన వచ్చింది. తొలి చినుకులకే సరాలను కొక్కేలతో సహా తీసి లోపలి దండెం మీద వేశాము, ఆకుల తాడు మాత్రం గుమ్మానికే ఉంది. వాన వెలిశాక ఆకులు కడిగినట్లు ఉన్నాయి. సరాలకు తగిలిన కొన్ని చినుకులను దులిపి ఫ్యాను కింద ఉంచితే రాత్రికి ఆరిపోయాయి.

ఈ ఉదయం తాళ్లు మార్చాము. మొదటి తాడు ఆకుల్లో గుమ్మానికి రెండు కొసల దగ్గర ఉన్నవి, ఎండ ఎక్కువ తగిలినవి, అంచులు కాస్త పైకి లేచి దోనెలా ముడుచుకోవడం మొదలెట్టాయి. రంగు ఇంకా మారలేదు. వడలడానికి తొలి గుర్తు ఈ ముడుతే. రంగు మారేదాకా ఆగితే నీళ్లలో పెట్టినా తిరిగి రాదు. ఉబ్బుల చివర్లు మళ్లీ నీళ్లలో సన్నగా కోసి తాడును టబ్బులో పరిచాను. మధ్యాహ్నానికి ముడుత విప్పుకుంది. రాత్రి దాకా నీళ్లలో ఉంచి, ఆ తరువాత తడిపి పిండిన గుడ్డలో వదులుగా చుట్టి వెదురు బుట్టలో, గాలి ఆడే నీడలో పెడతాను. ప్లాస్టిక్ సంచిలో బిగిస్తే లోపల ఆవిరి పట్టి తాడుకు బూజు వాసన వస్తుంది.

రేపు ఆయుధపూజ. బండ్లకూ దుకాణాలకూ అందరూ బంతి కొంటారు కాబట్టి రెండో విడత పూలు ఈ ఉదయమే తెచ్చి, ఆరబెట్టి, స్టీలు డబ్బాలో కాగితం పరిచి ఒకే వరుసగా పేర్చి ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాను. మూతను పూర్తిగా బిగించలేదు.

నవమి

పెరటి గుమ్మానికి వదిలేసిన తాడులో ఆకులన్నీ దోనెలయ్యాయి, కొసలు పెళుసుగా ఉన్నాయి. వీధి గుమ్మానికి ఈ ఉదయం తిరిగి ఎక్కిన మొదటి తాడు, ఒక రోజంతా ఎండలో ఉన్నదే అయినా, సప్తమి నాటికి దాదాపు దీటుగా ఉంది. రెండు ఆకుల మీద మాత్రం మచ్చలు కనబడితే తీసేసి, బకెట్లో అట్టిపెట్టిన అదనపు ఆకులను ఆ సందుల్లోనే దూర్చాను. మడిచి గుచ్చిన తోరణంలో ఇలా ఒక్క ఆకును మార్చడం సాధ్యం కాదు.

పాత పూల సరాలు దించాము. కింది పువ్వుల రేకుల కొసలు పాలిపోయాయి కానీ విప్పి చూస్తే మధ్యలో ఎక్కడా కుళ్లు లేదు. రెండు రోజులు దాటిన బంతిని ఇంకా లాగాలని చూడటం దండగ అని నా అభిప్రాయం. రాత్రి గాలికి పెట్టడం కుళ్లును ఆపుతుంది గానీ వడలడాన్ని ఆపదు. ఫ్రిజ్ నుంచి తీసిన పువ్వులను వెంటనే గుచ్చలేదు. చల్లని పువ్వు మీద బయటి గాలిలోని తేమ చెమటలా పడుతుంది, అది ఆరేదాకా చీర మీద పరిచి ఉంచాను.

దశమి

రెండో తాడు మళ్లీ గుమ్మానికి ఎక్కింది. తాడు పదే పదే తడిసి ఆరడం వల్ల పురికొస కొద్దిగా సాగి మధ్యలో కిందికి జారింది. కుడి వైపు ఉచ్చును ఒక ముడి లోపలికి వేసి సరిచేశాను. సాయంత్రం జమ్మి కొట్టి వచ్చేసరికి ఆకులు లేత ముడుతలు చూపించాయి. రోజు రోజుకూ ముడుత ముందుగా వస్తోంది. తొడిమలో నీరు పోయే నాళాలు మెల్లగా మూసుకుపోతాయి, ఎన్నిసార్లు కోసినా మొదటి రోజు పీల్చినంత నీరు పీల్చలేవు.

ఏకాదశి, సాయంత్రం

మొదటి తాడు చివరిసారిగా ఉదయం ఎక్కింది. మధ్యాహ్నానికి సగానికి పైగా ఆకులు ముడుచుకున్నాయి, కొన్నింటి పచ్చదనం నిమ్మపచ్చ వైపు తిరిగింది. వీధిలో నిలబడి చూస్తే తోరణం ఇంకా పచ్చగానే ఉంది, దగ్గరికి వస్తే వయసు తెలుస్తుంది. తూర్పు ఎండ పడే గుమ్మానికి ఈ పద్ధతిలో ఇదే హద్దు. ఇంకా నిలవాలంటే కొత్త ఆకులే దూర్చాలి. పెరటి తాడు ఆకులు ఈపాటికి గోధుమరంగుకు తిరిగి, గాలికి ఒకదానికొకటి తగిలి గలగలలాడుతున్నాయి.

రాగి కొక్కేలను తుడిచి డబ్బాలో పెట్టాను. పురికొసలను వేన్నీళ్లలో ఉతికి ఎండబెట్టాము, దీపావళికి అవే పనికొస్తాయి. అప్పటికి ఈశాన్య రుతుపవనాలు నెల్లూరు జిల్లాలో గట్టిగా ఉంటాయి కాబట్టి ఆకులకు ఇంత శ్రమ అక్కరలేకపోవచ్చు, పూలనే రోజూ మార్చవలసి వస్తుంది. సరాన్ని మూడు పువ్వులకు తగ్గించి, పువ్వుల మధ్య సందును రెండు వేళ్లకు పెంచి కట్టాలని నిర్ణయించుకున్నాను.